ఆ ఎండ ఎటువైపు నుంచి వస్తోంది?

కమిటీ గదిలో గోడ మీద నా బొమ్మ పడగానే ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత చప్పట్లు. అందరూ కొడుతుంటే లైబ్రరీ మాస్టారు మాత్రం ముందువరస కుర్చీలోంచి మెల్లగా లేచారు. కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వెళ్లి చాలాసేపు చూశారు. చూసి, నా వైపు తిరిగి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"అబ్బాయ్, ఆ ఎండ ఎటువైపు నుంచి వస్తోందిరా?"

నా దగ్గర సమాధానం లేదు.

మాది కృష్ణా జిల్లాలో ఓ మోస్తరు ఊరు. ఊరి మధ్యలో చెరువుగట్టుకు ఆనుకుని పెంకుటింట్లో గ్రంథాలయం ఉండేది. వాసాలు చివికిపోయి, ఓ తుపానుకు సగం కప్పు కూలిపోయింది. పుస్తకాల్ని పాత బడి గదిలోకి మార్చారు. అదే స్థలంలో కొత్త రీడింగ్ హాలు కట్టాలని ఊరివాళ్లు కమిటీ వేసుకున్నారు. విరాళాలు రావాలంటే ముందు దాతలకు చూపించడానికి ఓ బొమ్మ కావాలి కదా! ఆ పని నాకు అప్పగించారు.

నేను విజయవాడలో ఉంటాను. ఇంకా కట్టని ఇళ్లకు ఫొటోలు తీయడం నా వృత్తి. త్రీడీ వ్యూ అంటారు, రెండర్ అంటారు. ఆర్కిటెక్టు ఇచ్చిన ప్లానును బట్టి కంప్యూటర్లో గోడలు లేపుతాను, కప్పు వేస్తాను, చెక్కకు చెక్క రంగు, గాజుకు గాజు మెరుపు ఇస్తాను. ఓ చోట సూర్యుణ్ని, ఇంకోచోట కెమెరాను పెట్టి రాత్రి పడుకుంటాను. కెమెరా కంటి నుంచి కంప్యూటర్ లక్షల కిరణాలను వెనక్కి పంపి, ఒక్కో కిరణం ఏ గోడకు తగిలి, ఎటు మళ్లి, చివరికి ఏ దీపాన్ని చేరిందో లెక్కేసుకుంటూ పోతుంది. తెల్లారేసరికి బొమ్మ తయారవుతుంది.

మా ఊరి హాలుకు వేసిన బొమ్మలో ఏ లోటూ లేదు. అరవై అడుగుల పొడవు, ముప్ఫై అడుగుల వెడల్పు. రెండు పక్కలా గోడల నిండా ఎత్తయిన టేకు అల్మరాలు. మధ్యలో వరసగా మూడు పొడవాటి బల్లలు. ఒక్కో బల్లకు సరిగ్గా పైన, ఇరవై అడుగుల ఎత్తున, కప్పులో పదడుగుల పొడవూ ఐదడుగుల వెడల్పూ ఉన్న గాజు కిటికీ. వాటిలోంచి ఏటవాలుగా దిగుతున్న తేనెరంగు ఎండ. ఆ ఎండలో తేలుతున్న సన్నటి దుమ్ము. బల్ల దగ్గర పుస్తకం తెరుచుకుని ఓ పాప.

ఆ బొమ్మ చూస్తే ఎవరికైనా వెళ్లి ఆ పాప పక్కన కూచోవాలనిపిస్తుంది. అనిపించాలనే వేశాను.

గాజు పెంకు నేర్పిన లెక్క

మాస్టారు తెర మీద ఎడమవైపు వేలు పెట్టారు.

"ఇటు మన చెరువు కదరా. అంటే ఉత్తరం. ఎండ చెరువు వైపు నుంచి ఇంత ఏటవాలుగా లోపలికి దిగుతోంది. ముప్ఫై నాలుగేళ్లు ఆ హాల్లో కూచున్నాను. ఒక్కరోజు కూడా చెరువు మీంచి ఎండ ఇలా రాలేదు."

ఎవరో నవ్వారు. "మాస్టారూ, అది బొమ్మండీ" అన్నారు. ఆయన నవ్వలేదు.

మాస్టారికి ఆ లెక్క ఏ పుస్తకంలోంచీ రాలేదు. పాత గ్రంథాలయం కప్పులో పెంకుల మధ్య ఒక గాజు పెంకు ఉండేది. మా తరం వాళ్లందరికీ తెలుసు, వంటింట్లో వెలుగు కోసం అలాంటివి వేసేవారు. ఆ గాజు పెంకులోంచి అరచేయంత ఎండ ముక్క ఒకటి లోపలికి పడేది. పొద్దున పడమటి గోడ మీద ఉండేది, మధ్యాహ్నానికి నేల మీదికి దిగేది, సాయంత్రానికి తూర్పు గోడ ఎక్కేది. వేసవిలో ఒకదారి, చలికాలంలో ఇంకోదారి. దారిలో పత్రికల బల్ల వచ్చినప్పుడల్లా మాస్టారు లేచి బల్లను జానెడు పక్కకు జరిపేవారు. న్యూస్‌ప్రింటులో చెక్కకు సంబంధించిన లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోతుంది. ఎండ తగిలితే అదే కాగితాన్ని పసుపు పచ్చగా మార్చి, పెళుసుగా చేస్తుంది. ఆయన ఆ మాట అనలేదు. "ఎండ తిన్న పేపరు అప్పడంలా విరుగుతుందిరా" అన్నారంతే.

ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచాను. నిజం చెప్పాలంటే నేను సూర్యుణ్ని ఉత్తరాన, ముప్ఫై అయిదు డిగ్రీల ఎత్తున పెట్టాను. ఎందుకంటే కెమెరాకు అటు నుంచి పడితేనే కిరణాలు అందంగా కనబడుతున్నాయి. అది చాలదన్నట్టు అల్మరాల వెనక కెమెరాకు కనబడకుండా రెండు దీపాలు దాచాను. లేకపోతే మూలలు నల్లగా ఉన్నాయి. పైగా వెడల్పాటి లెన్సు వాడాను. దాంతో అరవై అడుగుల హాలు వందడుగులంత కనిపించింది. ఎండ రంగును సాయంత్రపు రంగుకు తిప్పాను. ఇవన్నీ మా వృత్తిలో రోజూ చేసేవే. వంటలో చిటికెడు పంచదార వేసినట్టు.

కానీ మాస్టారి ప్రశ్న నిద్రపట్టనివ్వలేదు. దానికో కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక ఆఫీసు ముందుగదికి ఇలాగే గాజు కప్పుతో బొమ్మ వేశాను. యజమానికి తెగ నచ్చింది, అచ్చం బొమ్మలాగే కట్టించుకున్నారు. మరుసటి వేసవిలో అటుగా వెళ్లి లోపలికి తొంగిచూశాను. గాజు కప్పు మీద నర్సరీల్లో కట్టే ఆకుపచ్చ వల పరిచి ఉంది. కింద అట్టముక్కలు కప్పిన కంప్యూటర్లు. పట్టపగలు లైట్లు వెలుగుతున్నాయి. రిసెప్షన్లో కూచున్న అమ్మాయి, "ఎండకు కూచోలేకపోతున్నామండీ" అంది. ఆ బొమ్మ వేసింది నేనేనని చెప్పలేకపోయాను.

నిజం సూర్యుడు

ఆ రాత్రే దాచిన దీపాలు తీసేశాను. సూర్యుణ్ని నా ఇష్టం వచ్చిన చోటి నుంచి తప్పించి, మా ఊరి అక్షాంశం, రేఖాంశం, తేదీ, గంట ఇచ్చాను. అవి ఇస్తే ఆ వేళకు సూర్యుడు ఆకాశంలో ఎక్కడుంటాడో అక్కడే సాఫ్ట్‌వేర్ నిలబెడుతుంది. ఉచితంగా దొరికే బ్లెండర్‌లో కూడా ఈ వీలుంది. హాలు ఎటు తిరిగి ఉందో సరిచూసుకుని ఒక్కో నెలా ఒక్కో గంటా మార్చుకుంటూ పోయాను.

మా ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు పదహారున్నర డిగ్రీల మీద ఉంది. అంటే సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ, మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే మొదటి వారంలో మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి నా హాల్లో ఏం జరిగిందంటే... మూడు గాజు కిటికీల్లోంచీ ఎండ నిట్టనిలువుగా దిగి, మూడు బల్లల మీదా తెల్లటి దుప్పట్లు పరిచినట్టు పడింది. ఏటవాలు కిరణాల్లేవు, తేనెరంగు లేదు.

వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. పుస్తకం హాయిగా చదువుకోవడానికి బల్ల మీద మూడొందల నుంచి అయిదొందల లక్స్ ఉంటే చాలు. నడివేసవి మధ్యాహ్నపు నేరుటెండ దాదాపు లక్ష లక్స్. గాజు కొంత ఆపినా మిగిలేది పుస్తకానికి కావలసిన దానికి వంద రెట్లకు పైమాటే. తెల్లకాగితం కళ్లలో పొడుస్తుంది. పక్క కుర్చీలో నీడలో ఉన్న మనిషేమో చీకట్లో ఉన్నట్టు కనిపిస్తాడు. బొమ్మలో కూచోబెట్టిన పాప నడినెత్తిన ఎండ పడుతోంది.

పోనీ, కాసేపటికి తప్పుకుంటుంది కదా అనుకుంటే, ఆ ఎండ ముక్క గంటకు దాదాపు అయిదడుగుల చొప్పున తూర్పుకు జరుగుతూ బల్ల పొడవునా నడిచింది. చదువుకునేవాళ్లు దాని ముందు కుర్చీలు లాక్కుంటూ పోవాలి.

డిసెంబరుకు మార్చాను. చలికాలం మధ్యాహ్నం మా ఊళ్లో సూర్యుడు దక్షిణాన యాభై డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఎండ ఏటవాలుగా దిగి బల్లల్ని వదిలేసింది. హమ్మయ్య అనుకునేలోపు చూస్తే, అది ఉత్తరపు గోడ అల్మరాల మీద పడి ఉంది. నేల దగ్గర్నుంచి ఇంచుమించు మనిషెత్తు వరకు. అంటే చేతికి అందే అరలన్నీ, జనం ఎక్కువగా తీసుకునే పుస్తకాలన్నీ. ఏడాదిలో సగం పాఠకుల్ని, సగం పుస్తకాల్ని వంతులవారీగా కాల్చే హాలును నేను బంగారు రంగులో వేసి చప్పట్లు కొట్టించుకున్నాను.

చలిదేశపు కప్పు

అసలు ఆ బొమ్మ నాకెలా తట్టింది? కమిటీలో ఒక కుర్రాడు విదేశీ లైబ్రరీల ఫొటోలు కొన్ని పంపి, "ఇలా ఉండాలన్నా" అన్నాడు. వాటిల్లో నాకు బాగా నచ్చింది వీపురి లైబ్రరీ. ఆల్వార్ ఆల్తో అనే ఫిన్లండ్ ఆర్కిటెక్టు కట్టింది. 1935లో పూర్తయింది. ఆ ఊరు అప్పుడు ఫిన్లండ్‌లో ఉండేది, ఇప్పుడు రష్యాలో ఉంది, వీబర్గ్ అంటారు. ఆ హాలు కప్పులో 57 గుండ్రటి గాజు కన్నాలుంటాయి. ఒక్కోటీ దాదాపు ఆరడుగుల వెడల్పు. కింద ఎక్కడ కూచున్నా పుస్తకం మీద చేతి నీడ కూడా పడనంత మెత్తటి వెలుగు వస్తుందని పేరు.

ఆ గుట్టు గాజులో లేదు, కన్నం లోతులో ఉంది. ఆ ఊరు ఎంత ఉత్తరాన ఉందంటే అక్కడ సూర్యుడు నడివేసవి మధ్యాహ్నం కూడా యాభై మూడు డిగ్రీలు మించి పైకి రాడు. ఆల్తో ఆ లెక్క చూసుకుని కన్నాలను బావిలా లోతుగా చేశాడు. ఎండ బావి గోడకు తగిలి చెదిరిపోతుంది. నేరుగా కిందికి దిగే అవకాశమే లేదు. తగిలి చెదిరిన వెలుగు మాత్రమే పుస్తకాన్ని చేరుతుంది.

అదే బావిని మా ఊళ్లో తవ్వితే? సూర్యుడు నడినెత్తికొచ్చినప్పుడు బావి ఎంత లోతున్నా ఎండ గొట్టంలోంచి జారినట్టు సూటిగా బల్ల మీదికి దిగుతుంది. ఆయన తన ఊరి సూర్యుణ్ని బట్టి కప్పు వేశాడు. నేను కప్పును మాత్రం తెచ్చుకుని సూర్యుణ్ని అక్కడే వదిలేశాను.

ఇలాంటి బొమ్మలకు ముత్తాత ఒకటుంది. 1785లో బూలే అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు ప్యారిస్‌లోని రాజుగారి గ్రంథాలయం కోసం ఒక హాలును గీశాడు. మెట్లుమెట్లుగా పుస్తకాల గోడలు, పైన పెద్ద కమాను, కమాను నడుమ పొడవునా తెరిచిన ఆకాశం. ఇప్పటికీ చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేరు. ఆ హాలును కట్టలేదు. కాబట్టి దాని కింద కూచుని ఎవరూ చదవాల్సిన అవసరం రాలేదు. మా హాలును మాత్రం కడతారు.

కర్ర పాతిన మధ్యాహ్నం

విషయమంతా ఆర్కిటెక్టుగారికి ఫోన్లో చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "గాజు తలకిందులుగా ఎందుకు పెట్టాలి, నిలబెడదాం" అన్నారు. పాత మిల్లుల కప్పులు గుర్తున్నాయా? పక్కనుంచి చూస్తే రంపపు పళ్లలా ఉండేవి. ఒక్కో పన్నుకూ ఒకవైపు నిట్టనిలువు గాజు, రెండోవైపు ఏటవాలు రేకు. నార్త్ లైట్ కప్పు అంటారు. నిలువు గాజు ఎప్పుడూ ఉత్తరం వైపే ఉంటుంది. ఎండ రాకుండా ఆకాశపు వెలుగు ఒక్కటే లోపలికి వస్తుంది. మగ్గం మీద దారం కనబడాలి, కళ్లకు ఎండ తగలకూడదు. చదువుకునే మనిషికి కావలసింది కూడా అదే కదా.

హాలు వెడల్పు మీద రెండు పళ్లు, ఒక్కోదానికి నాలుగడుగుల ఎత్తు గాజు. అలా కట్టి మళ్లీ సూర్యుణ్ని తిప్పాను. డిసెంబరు మధ్యాహ్నం ఎండ లేదు. మార్చి, లేదు. జూన్‌లో దొరికిపోయాం. మే మొదటివారం తర్వాత మా ఊళ్లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. జూన్ మూడోవారంలో ఏడు డిగ్రీల దాకా. పొద్దునా సాయంత్రం ఇంకా ఎక్కువ, ఈశాన్యం, వాయవ్యం వైపు నుంచి గాజును రాసుకుంటూ వస్తాడు. మిల్లు కప్పును ఉన్నదున్నట్టు దించితే సరిపోదన్నమాట.

గాజు మీద రెండడుగుల చూరు పెట్టాం. మధ్యాహ్నపు ఎండ ఆగింది. గాజు ముందు రెండడుగులకు ఒకటి చొప్పున అడుగు వెడల్పు నిలువు పలకలు పెట్టాం. పొద్దుటి ఎండా, సాయంత్రపు ఎండా పలకలకు తగిలి ఆగిపోయాయి. ఏడాదిలో ఏ రోజు, ఏ గంట చూసినా బల్లల మీద గానీ పుస్తకాల మీద గానీ నేరుటెండ పడలేదు.

అయితే కొత్త చిక్కొకటి. రెండు పళ్ల మధ్య కప్పు మీద ఓ లోయ ఏర్పడుతుంది. మొదటి పన్ను మీది వాననీరంతా అక్కడికే చేరుతుంది. కాలవ పూడితే నీళ్లు పొంగి లోపలికి కారుతాయి. పుస్తకానికి ఎండ కంటే పెద్ద శత్రువు నీరు. లోయ సరిగ్గా హాలు నడిమధ్య వస్తోంది కాబట్టి, మధ్యలో ఉన్న ఒక్క వరస బల్లల్ని రెండు వరసలు చేసి, కాలవ కింద నడిచే దారి వదిలాం. కారినా నేల మీదే కారుతుంది. ఏటా వానలకు ముందు మనిషి పైకెక్కి ఆకులు తీసేందుకు నిచ్చెన కూడా ప్లానులో గీయించాం.

కమిటీకి ఈ సంగతి చెబితే సగంమంది నమ్మలేదు. "మే నెలయినా ఎండ ఎటోవైపు నుంచి వాలుగానే పడుతుంది కదా" అన్నారు. అప్పుడు మాస్టారు, "ఖాళీ స్థలం ఉంది, కర్రొకటి పాతండి" అన్నారు.

ఆ 2024 మే మొదటి వారంలో, మిట్టమధ్యాహ్నం, కూలిన గ్రంథాలయం స్థలంలో ఇరవై మందిమి గొడుగులేసుకుని నిలబడ్డాం. తూకపుగుండు పట్టి నిటారుగా పాతిన ఆరడుగుల కర్ర. పదకొండున్నరకు పడమర వైపు జానెడు పైన నీడ ఉంది. చూస్తుండగానే కుంచించుకుపోయింది. పన్నెండు దాటిన కాసేపటికి కర్ర మొదట్లో కలిసిపోయింది. నీడే లేదు. మా నీడలు కూడా మా చెప్పుల కిందే ఉన్నాయి. గొడుగు పక్కకు తీసిన అధ్యక్షులవారు తల తడుముకుని, "సరే, నిలువు గాజే పెట్టండి" అన్నారు.

వెచ్చదనం ఎక్కడుంది?

కొత్త బొమ్మ వేశాను. ఈసారి దొంగ దీపాల్లేవు. కెమెరాను కూచున్న మనిషి కళ్ల ఎత్తున, మామూలు లెన్సుతో పెట్టాను. ఎక్కడ ఎంత వెలుగు పడుతోందో రంగుల్లో చూపించే ఏర్పాటుంటుంది. అది పెట్టి చూస్తే మబ్బులేని పగటిపూట బల్లల మీద సుమారు మూడొందల లక్స్ వచ్చింది. చదువుకోవడానికి సరిపోతుంది.

కానీ బొమ్మ చప్పగా ఉంది! ఉత్తరపు ఆకాశం నుంచి వచ్చే వెలుగు కాస్త నీలంగా, చల్లగా ఉంటుంది. తేనెరంగు పోయింది, కిరణాలు పోయాయి. మొదటి బొమ్మకు విరాళం రాస్తానన్న ఒకాయన దీన్ని చూసి, "ఆసుపత్రిలా ఉందేవిటండీ" అన్నారు. నా మనసు జారింది. సూర్యుణ్ని కాస్త పక్కకు జరిపితే? ఒక్క కిరణం... దాతల కోసం... అనుకున్నాను. మౌస్ మీద వేలు ఉంది.

ఆ ఆకుపచ్చ వల గుర్తొచ్చి ఆగిపోయాను.

వెచ్చదనాన్ని ఆకాశం నుంచి దొంగిలించడం మాని గదిలోనే వెతికాం. గోడలకు తెలుపు తీసేసి గంధం రంగు కలిసిన మీగడ తెలుపు. కప్పు లోపలివైపు చెక్క పలకలు. వెలుగు వాటికి తగిలి కిందికి వచ్చేసరికి నీలం విరిగిపోయింది. ఒక్కో బల్లకు వరసగా పసుపు వెలుగు దీపాలు, ఎవరి దీపం వాళ్లు వేసుకునేలా. ఇది అలంకారం కోసం కాదు. వానాకాలం సాయంత్రం అయిదుకు సూర్యుణ్ని తిప్పి చూస్తే బల్లల మీద వెలుగు బాగా పడిపోయింది. ఆ వేళకు దీపం ఉండాల్సిందే. ఆ దీపాలు వెలిగించి వేసిన బొమ్మలో, పైన బూడిదరంగు ఆకాశం, కింద ఒక్కో పుస్తకం చుట్టూ ఒక్కో పసుపు వలయం. మొదటి బొమ్మంత గొప్పగా లేదు. కానీ అందులో ఉన్న ప్రతి వెలుగూ ఎక్కణ్నుంచి వస్తోందో వేలు పెట్టి చూపించగలను.

అల్మరాల దగ్గర మాస్టారు ఇంకో మాటన్నారు. "పద్నాలుగు అడుగుల ఎత్తు పెట్టావు. పైఅర పుస్తకం కావాలంటే నన్నెక్కమంటావా, నిన్నెక్కమంటావా?" మామూలు మనిషి చెయ్యి ఆరడుగులు, ఆరున్నర అడుగుల దాకా అందుతుంది. ఆపైన పెట్టిన పుస్తకం బొమ్మలో నిండుగా కనిపిస్తుంది కానీ దాన్ని తీసేవాళ్లుండరు. అందుకని ఏడడుగుల దగ్గర అల్మరా ఆపి, దాని ముందు సన్నటి మెట్లతో నడవా వేసి, పైఅరల్ని నడవా మీంచి అందేలా మార్చాం. ఖర్చు పెరిగింది. హాలు కొద్దిగా ఇరుకైంది. కానీ ఎత్తయిన అల్మరాలు అలాగే ఉన్నాయి, ఇప్పుడు వాటిల్లో ప్రతి పుస్తకానికీ ఓ చెయ్యి అందుతుంది.

చివరికి దాతలకు ఒక బొమ్మ బదులు మూడు బొమ్మల ఫ్లెక్సీ వేయించాం. మే మధ్యాహ్నం పన్నెండుంబావు. డిసెంబరు మధ్యాహ్నం. ఆగస్టు వాన సాయంత్రం. ఒక్కోదాని కింద తేదీ, గంట. వాటిని చూసి వెనక్కి తగ్గినవాళ్లున్నారు. తేదీలు చదివి ఆగి, "ఇలా గంటలు వేసిన బొమ్మ ఎక్కడా చూళ్లేదే" అని రెండు బల్లల దీపాలకు డబ్బిచ్చిన ఆవిడా ఉన్నారు.

ఇల్లు కొనేముందు రంగుల బ్రోషరు చూసేవాళ్లు మీ ఇంట్లోనూ ఉంటారు. ఈసారి అందులో ఒక కుర్చీ పట్టుకోండి. దాని నీడ ఎటు పడుతోందో చూడండి. పక్క కుర్చీ నీడ ఇంకోవైపు పడుతుంటే ఎక్కడో ఒక దీపం దాచారన్నమాట. బొమ్మలో ఉత్తరం ఎటో అడగండి. ఎండ అటు నుంచి వాలుగా దిగుతుంటే, మే నెల మధ్యాహ్నం బొమ్మ ఒకటి వేసి చూపించమనండి. మా వృత్తిలో అది ఒక్క రాత్రి పని.

పునాదులు పడ్డాయి. గోడలింకా లేవలేదు. మొన్న ఊరెళ్లినప్పుడు మాస్టారు స్థలంలోనే ఉన్నారు. ప్లాను కాగితం చేతిలో పట్టుకుని ఇటుకల మీద కూచున్నారు.

"పత్రికల బల్ల ఇక్కడే కదరా?" అన్నారు.

"అవునండీ."

"దాన్నిక జరపక్కర్లేదా?"

"అక్కర్లేదండీ. ఏడాది పొడవునా."

ఆయన చెరువు వైపు చూసి, ఆ తర్వాత నడినెత్తికేసి చూసి, చేత్తో కళ్లకు నీడ పెట్టుకున్నారు. "చూద్దాం. కప్పు పడ్డాక మే నెలలో ఒకరోజు నేనే వచ్చి కూచుంటాను" అన్నారు.